సెమిస్టర్ ప్రశ్నపత్రం వెనుక హెచ్ఓడీ సర్క్యులర్

సెమిస్టర్ పరీక్షలకు ఆరేడు వారాల ముందు, స్వయంప్రతిపత్తి ఉన్న ప్రతి ఇంజనీరింగ్ కళాశాలలోనూ విభాగాధిపతి సంతకంతో ఒక సర్క్యులర్ బయటికి వస్తుంది. ఏ సబ్జెక్టుకు ఎన్ని సెట్ల ప్రశ్నపత్రాలు కావాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి, ఏ నమూనాలో ఉండాలి, ఎవరు ఎలా సరిచూస్తారు అన్న వివరాలు అందులో ఉంటాయి. విద్యార్థి దాన్ని చూడడు, తల్లిదండ్రులకు అలాంటి కాగితం ఒకటుంటుందని కూడా తెలియదు. పరీక్ష హాల్లో తప్పుల్లేని ప్రశ్నపత్రం చేతికొచ్చిందా, సగం ప్రశ్నకు అంకె లేక ఇన్విజిలేటర్ వైపు చూడాల్సి వచ్చిందా అన్నది మాత్రం చాలావరకు ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ పని కళాశాల మీదికి ఎలా వచ్చిందో ముందు చూడాలి. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా మాత్రమే ఉన్న కళాశాలలో సెమిస్టర్ ప్రశ్నపత్రాన్ని విశ్వవిద్యాలయమే తయారుచేస్తుంది, అక్కడి అధ్యాపకుడికి దాని రూపకల్పనలో నేరుగా పాత్ర ఉండదు. యూజీసీ నుంచి స్వయంప్రతిపత్తి హోదా పొందిన కళాశాల సంగతి వేరు. సిలబస్ రూపొందించుకోవడం, పరీక్షలు జరపడం, ఫలితాలు ప్రకటించడం ఆ కళాశాల బాధ్యతలే. పట్టా మాత్రం విశ్వవిద్యాలయం పేరుతోనే వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జేఎన్టీయూల పరిధిలో ఉన్న చాలా ఇంజనీరింగ్ కళాశాలలు ఇప్పుడు ఈ హోదాతోనే నడుస్తున్నాయి. కళాశాలలో పరీక్షల నియంత్రణాధికారి ఒకరు, ఆయన కింద ఎగ్జామ్ బ్రాంచ్ ఉంటాయి. కొన్ని సెట్లు బయటి కళాశాలల అధ్యాపకులతో తయారుచేయిస్తారు, కొన్ని సొంత అధ్యాపకులే ఇస్తారు. ఆ సొంత అధ్యాపకుల పనిని క్రమంలో పెట్టేదే హెచ్ఓడీ సర్క్యులర్.

గడువు ఎందుకంత ముందు

సర్క్యులర్‌లో అందరి కళ్లూ ముందు పడేది గడువు మీదే. పరీక్షకు నెల ముందే పేపరు ఎందుకివ్వాలని కొత్తగా చేరిన అధ్యాపకుడికి అనిపించడం సహజం. ముద్రణకు అన్ని రోజులు పట్టదు. ఆ నెలలో ఎక్కువ భాగం వెళ్లేది సరిచూడటానికి.

ఒక నమూనా లెక్క చూద్దాం. పరీక్షలు నవంబరు 24, సోమవారం మొదలవుతాయనుకుందాం. ముద్రించి, సీలు వేసి, కట్టలు కట్టడానికి ఎగ్జామ్ బ్రాంచ్‌కు చివరి వారం కావాలి. అంతకు ముందు వారంలో, అంటే నవంబరు 14 లోగా, మోడరేషన్ పూర్తవ్వాలి. మోడరేషన్‌కు అన్ని సబ్జెక్టుల సెట్లూ అందుబాటులో ఉండాలంటే సవరించిన ప్రతులు నవంబరు 7న సీల్డు కవర్లలో ఎగ్జామ్ బ్రాంచ్‌కు చేరాలి. సవరణలకు అధ్యాపకుడికి వారం ఇవ్వాలి కాబట్టి, స్క్రూటినీ అక్టోబరు 31కి ముగియాలి. స్క్రూటినీకి ఇంకో వారం. ఇలా వెనక్కి లెక్కిస్తూ వస్తే మొదటి ప్రతి అక్టోబరు 24, శుక్రవారానికి ఇవ్వాల్సి వస్తుంది. దసరా సెలవుల తర్వాత, అక్టోబరు మొదటి వారంలో సర్క్యులర్ ఇస్తే అధ్యాపకుడి చేతిలో ఉండేది రెండున్నర వారాలు. మధ్యలో దీపావళి, రెండో మిడ్ పరీక్ష ఏర్పాట్లు ఉండనే ఉంటాయి. అందుకే తెలిసిన హెచ్ఓడీ తేదీలను ఎప్పుడూ పరీక్ష రోజు నుంచి వెనక్కి లెక్కిస్తారు, సర్క్యులర్ ఇచ్చిన రోజు నుంచి ముందుకు కాదు.

గడువు తప్పితే పరీక్ష వాయిదా పడదు. ముద్రణ తేదీ కూడా మారదు. ఆలస్యమైన వారం రోజులూ స్క్రూటినీలోంచే కోతపడతాయి. పేపరు నవంబరు 5న చేతికొస్తే, దాన్ని చూడాల్సిన సహోద్యోగి క్లాసుల మధ్య అరగంటలో చూసి సంతకం పెట్టేస్తారు. తప్పులు బయటపడేది హాల్లోనే. ఈ సంబంధాన్ని సర్క్యులర్‌లోనే ఒక్క వాక్యంలో చెప్పేస్తే గడువును అధ్యాపకులు చూసే తీరు మారుతుంది.

తేదీ రాసే పద్ధతి కూడా ముఖ్యమే. ‘ప్రశ్నపత్రాలను వీలైనంత త్వరగా సమర్పించగలరు’ అన్న వాక్యం ఎవరినీ కట్టడి చేయదు. ‘అక్టోబరు 24, శుక్రవారం సాయంత్రం 4 గంటలలోగా, ప్రశ్నపత్రం, జవాబులు, మార్కుల స్కీమ్ మూడూ కలిపి, హెచ్ఓడీకి స్వయంగా అందజేయాలి’ అంటే అనుమానానికి చోటుండదు. ఇందులో ‘మూడూ కలిపి’ అన్న మాట గడువంత విలువైనది. పేపరు ముందు ఇచ్చి జవాబులు తర్వాత ఇస్తామనే వెసులుబాటు ఉంటే, ఆ జవాబులు పరీక్ష అయిపోయి వాల్యుయేషన్ మొదలయ్యే రోజు వరకూ రావు. తాను ఇచ్చిన ప్రశ్నను అధ్యాపకుడు కాగితం మీద ఒక్కసారి కూడా చేసి చూడలేదని అప్పుడే తెలుస్తుంది.

నమూనా

పేపరు నమూనాను రెగ్యులేషన్ నిర్ణయిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని జేఎన్టీయూల ఆర్23 రెగ్యులేషన్‌లో సెమిస్టర్ చివరి పరీక్ష 70 మార్కులకు, మూడు గంటలు జరుగుతుంది. పార్ట్-ఏలో పది చిన్న ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు, అన్నీ రాయాలి. పార్ట్-బీలో అయిదు యూనిట్ల నుంచి అయిదు ప్రశ్నలు, ఒక్కోటి పది మార్కులు, ప్రతిదానికీ ‘ఇది లేదా అది’ అనే ఎంపిక ఉంటుంది. హైదరాబాద్ జేఎన్టీయూ ఆర్22లో పరీక్ష 60 మార్కులకే. చిన్న ప్రశ్నలు పదికి ఒక్కో మార్కు, పెద్దవి మాత్రం అక్కడ కూడా పదేసి మార్కులే. స్వయంప్రతిపత్తి కళాశాలలు కొద్ది మార్పులతో ఇలాంటి చట్రాన్నే వాడుకుంటాయి.

చట్రం తెలిసిందే కదా అని పైభాగాన్ని తేలిగ్గా తీసుకోవడం వల్ల ఇబ్బందులొస్తాయి. ఒకే సెమిస్టర్‌లో కొత్త రెగ్యులేషన్ విద్యార్థులు రెగ్యులర్ పరీక్ష రాస్తుంటే, పాత రెగ్యులేషన్ వాళ్లు సప్లీ రాస్తుంటారు. సబ్జెక్టు పేరు ఒకటే అయినా సిలబస్, కోడ్ వేరు. పాత పేపరు ఫైలు తెరిచి, పైన తేదీ మార్చి, కోడ్ మార్చడం మరిచిపోతే కట్టలు ఒక గది నుంచి ఇంకో గదికి మారిపోతాయి. అందుకే హెచ్ఓడీ ఖాళీ నమూనా ఫైలునే సర్క్యులర్‌తో పాటు ఇచ్చి, పాత ఫైలు మీద రాయవద్దని చెప్పడం మేలు.

అంకెలు, గుర్తుల సంగతి ఇంకా సున్నితం. కంప్యూటర్ సైన్స్ పేపర్లో n² అని టైపు చేసింది మరో కంప్యూటర్లో అతికించేసరికి n2 అయిపోతుంది. గణిత గుర్తులు ఖాళీ గడులుగా మారిపోతాయి. తెర మీద చూసినప్పుడు టైపు చేసిన మనిషి కంటికి అది సరిగ్గానే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఏముండాలో ఆయనకు ముందే తెలుసు. కాబట్టి చివరి సరిచూపు ముద్రించిన కాగితం మీద జరగాలని సర్క్యులర్ చెప్పాలి.

ప్రతి ప్రశ్న పక్కన రెండు సంకేతాలు రాయమని ఇప్పటి సర్క్యులర్లన్నీ అడుగుతాయి. మొదటిది, ఆ ప్రశ్న కోర్సు లక్ష్యాల్లో దేనికి చెందుతుందన్నది, అంటే సీఓ. రెండోది, ఆ ప్రశ్న ఏ స్థాయి ఆలోచనను అడుగుతోందన్నది. ఈ స్థాయిలకు మూలం అమెరికన్ విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్, ఆయన బృందం 1956లో చేసిన వర్గీకరణ. 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ దాన్ని సవరించారు. గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మదింపు చేయడం, సృష్టించడం అనే ఆరు మెట్లు ఆ సవరణలోవి. 2018లో ఏఐసీటీఈ ప్రకటించిన పరీక్షా సంస్కరణల విధానం, ఎన్‌బీఏ గుర్తింపు నిబంధనలు కలిసి ఈ సంకేతాలను మన కళాశాలల్లో నిత్యవ్యవహారం చేశాయి.

సీఓ సంకేతం వెనుక ఒక లెక్క ఉంది. పరీక్ష అయ్యాక ఏ ప్రశ్నకు విద్యార్థులు ఎన్ని మార్కులు తెచ్చుకున్నారో చూసి, ఏ లక్ష్యం ఎంతవరకు నెరవేరిందో విభాగం లెక్కగడుతుంది. ఒకే ప్రశ్న రెండు లక్ష్యాలకు చెందితే ఆ మార్కుల్ని విడదీయడం కుదరదు. అలాంటి ప్రశ్నను ఏ, బీ అని రెండుగా చీల్చి, విడివిడిగా మార్కులు వేయమనడం అందుకే.

స్థాయి సంకేతంలో జరిగే పొరపాటు వేరు. చాలా విభాగాల్లో క్రియల పట్టిక ఒకటి తిరుగుతుంటుంది: ‘నిర్వచించండి’ అంటే మొదటి మెట్టు, ‘విశ్లేషించండి’ అంటే నాలుగో మెట్టు అని. ప్రశ్నలో ‘విశ్లేషించండి’ అన్న మాట పెట్టగానే పక్కన ఎల్4 అని పడిపోతుంది. కానీ క్విక్ సార్ట్‌కు పట్టే సమయాన్ని విశ్లేషించమన్న ప్రశ్నకు జవాబు క్లాసు నోట్సులో అక్షరం పొల్లుపోకుండా ఉంటే, విద్యార్థి చేసేది గుర్తుచేసుకోవడమే. ఆ ప్రశ్న మొదటి మెట్టుది. స్థాయిని తేల్చేది క్రియ కాదు. విద్యార్థి ఆ సమస్యను ఇంతకు ముందు చూశాడా లేదా అన్నది. నోట్సులో చేసిన లెక్కే అంకెలు కూడా మార్చకుండా వస్తే అది జ్ఞాపకం, అంకెలూ సందర్భమూ మారితే అది అన్వయం. స్క్రూటినీ చేసేవారు ఈ తేడా చూడాలంటే ఆ సబ్జెక్టు పాఠాలు ఎలా జరిగాయో తెలిసినవారై ఉండాలి.

ఎంపిక దాచే లోపం

అన్ని సంకేతాలూ సరిగ్గా వేసినా కనబడకుండా తప్పించుకునే లోపం ఒకటుంది. అది ‘లేదా’ అన్న మాట దగ్గర పుడుతుంది. సర్క్యులర్లలో సాధారణంగా ‘అన్వయం, అంతకు పై స్థాయి ప్రశ్నలు కనీసం 40 శాతం ఉండాలి’ లాంటి షరతు ఉంటుంది. దేనిలో 40 శాతం అన్నది చాలా సర్క్యులర్లు చెప్పవు.

డేటా స్ట్రక్చర్స్ సబ్జెక్టుకు ఒక అధ్యాపకురాలు ఆర్23 తరహా పేపరు తయారుచేశారనుకుందాం. సార్టింగ్, లింక్డ్ లిస్టులు, స్టాకులు, క్యూలు, చివరి యూనిట్‌లో ట్రీలు, హ్యాషింగ్. పార్ట్-ఏలో పది చిన్న ప్రశ్నలూ నిర్వచనాలే, మొత్తం 20 మార్కులు. పార్ట్-బీలో ప్రతి యూనిట్‌లోనూ ఆమె ఒక ఎంపికను వివరించే ప్రశ్నగా, రెండో ఎంపికను లెక్కగా పెట్టారు. మెర్జ్ సార్ట్ పద్ధతి వివరించండి, లేదా ఈ ఎనిమిది అంకెల్ని క్విక్ సార్ట్‌తో వరుసలో పెట్టండి. అయిదు యూనిట్లలోనూ ఇదే వరస.

ఇప్పుడు లెక్క. ఎంపికలతో కలిపి ముద్రించిన మార్కులు మొత్తం 120. అందులో లెక్కల వాటా అయిదు పదులు, 50. అంటే సుమారు 42 శాతం. షరతు నెరవేరింది, పట్టిక చూసినవారెవరికీ అభ్యంతరం ఉండదు. కానీ విద్యార్థి 120 మార్కులకు రాయడు, 70కి రాస్తాడు. అయిదు యూనిట్లలోనూ వివరించే ప్రశ్ననే ఎంచుకున్న విద్యార్థి ఒక్క లెక్క కూడా చేయకుండా 70కి 70 మార్కులకూ జవాబు రాయగలడు. అతని వరకు ఆ పేపర్లో పైస్థాయి ప్రశ్నల వాటా సున్నా. లెక్కలే ఎంచుకున్న పక్క విద్యార్థికి అదే వాటా 71 శాతం. ఇద్దరి మార్కులూ ఒకే జాబితాలో పక్కపక్కన కూర్చుంటాయి. రేపు ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో చిన్న ప్రోగ్రాము రాయమంటే, ఎనభై శాతం మార్కులొచ్చిన పిల్లవాడు ఎందుకు తడబడుతున్నాడన్న ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం ఇక్కడ ఉంది.

దీన్ని పట్టుకునే పద్ధతి చాలా సులువు, కూడిక వస్తే చాలు. ప్రతి జంటలోనూ రెండు ఎంపికల్లో పైస్థాయి మార్కులు ఎందులో తక్కువ ఉన్నాయో చూసి, ఆ తక్కువ సంఖ్యల్నే అయిదింటినీ కూడాలి. దానికి పార్ట్-ఏలో ఉన్న పైస్థాయి మార్కులు కలపాలి. విద్యార్థి ఏ దారిన వెళ్లినా తప్పించుకోలేని కనీస మొత్తం అది. పై పేపర్లో ఆ మొత్తం సున్నా. 40 శాతం నిజంగా కావాలంటే అది 70లో 28 అవ్వాలి.

సవరణ కూడా కష్టం కాదు. ప్రతి ఎంపికనూ రెండు ముక్కలు చేసి, నాలుగు మార్కులకు వివరణ, ఆరు మార్కులకు లెక్క పెడితే సరిపోతుంది. అప్పుడు ఏ ఎంపిక తీసుకున్నా యూనిట్‌కు ఆరు మార్కులు, అయిదు యూనిట్లకు 30. అది దాదాపు 43 శాతం. మిగిలిన 40 మార్కులు, అంటే పార్ట్-ఏలోని 20, వివరణల 20, చదివినది గుర్తుంచుకున్నవారికి దక్కుతాయి. చివరి పరీక్షలో పాసవడానికి 35 శాతం కావాలి కాబట్టి, లెక్కల్లో వెనకబడ్డా శ్రద్ధగా చదివిన విద్యార్థి గట్టెక్కగలడు. లెక్కలు బాగా చేసేవాడికి పై మార్కులు అందుతాయి. ఒకే పేపరు ఇద్దరికీ న్యాయం చేస్తుంది. ఒకటి రెండు యూనిట్లు పూర్తిగా సిద్ధాంతంతో నిండిన సబ్జెక్టుల్లో ఈ ఆరు-నాలుగు విభజన కుదరకపోవచ్చు. అప్పుడు మిగతా యూనిట్లు ఆ లోటు పూడ్చాలి, కనీస మొత్తం మాత్రం చూసుకోవాలి. సర్క్యులర్‌లో ‘పైస్థాయి ప్రశ్నలు 40 శాతం’ అన్న మాట తీసేసి, ‘విద్యార్థి ఏ ఎంపిక చేసుకున్నా 70 మార్కుల్లో కనీసం 28 పైస్థాయివి అయ్యేలా’ అని రాస్తే ఈ సమస్య మొదటి ప్రతిలోనే తీరిపోతుంది.

జంటలోని రెండు ఎంపికల బరువు సమానంగా ఉండటం దీనికి తోడు. మూడు గంటల్లో 70 మార్కులంటే మార్కుకు రెండున్నర నిమిషాలు, పది మార్కుల ప్రశ్నకు 25 నిమిషాలు. ఒక ఎంపిక పావుగంటలో అయిపోయి, రెండోది నలభై నిమిషాలు తినేస్తే, తొందరలో రెండోది ఎంచుకున్న విద్యార్థి నష్టపోతాడు. ఎంత సమయం పడుతుందో తెలుసుకోవడానికి ఒక్కటే మార్గం. అధ్యాపకుడు గడియారం పెట్టుకుని జవాబు రాయడం.

స్క్రూటినీలో ఏం చూస్తారు

అదే పేపర్లో చివరి యూనిట్ ప్రశ్న ఒకటి ఇలా ఉందనుకుందాం: ‘50, 30, 70, 20, 40, 60, 80 అంకెలతో అదే వరుసలో బైనరీ సెర్చ్ ట్రీ నిర్మించండి. అందులోంచి 50ని తొలగించి, వచ్చిన ట్రీని ప్రీఆర్డర్‌లో రాయండి.’ చూడటానికి నిర్దోషంగా ఉంది. సిలబస్‌లోది, అంకెలు ఉన్నాయి, పని స్పష్టంగా ఉంది.

స్క్రూటినీ చేసే అధ్యాపకుడు కీ చూడకుండా తానే చేసి చూశారు. ఈ ట్రీలో ప్రతి అంకెకూ ఎడమవైపు చిన్నవి, కుడివైపు పెద్దవి ఉంటాయి. 50 అన్నిటికంటే పైన ఉంది. దాన్ని తీసేస్తే ఆ స్థానంలోకి దాని తర్వాతి పెద్ద సంఖ్య 60ని తేవచ్చు, దాని ముందరి సంఖ్య 40నీ తేవచ్చు. పుస్తకాలు రెండు పద్ధతులనూ అంగీకరిస్తాయి. 60 తెస్తే ప్రీఆర్డర్ జవాబు 60, 30, 20, 40, 70, 80. నలభై తెస్తే 40, 30, 20, 70, 60, 80. రెండూ సరైనవే. అధ్యాపకురాలు ఇచ్చిన కీలో మాత్రం మొదటిదొక్కటే ఉంది.

ఇది పట్టుబడకపోతే జరిగేది ఊహించవచ్చు. జవాబు పత్రాల కట్టలు నలుగురు అధ్యాపకులకు వెళ్తాయి. ఒకరు కీతో పోల్చి రెండో జవాబుకు మార్కులు కోస్తారు. ఇంకొకరు ఆలోచించి పూర్తి మార్కులిస్తారు. ఒకే జవాబుకు, ఒకే తరగతిలో, కట్టను బట్టి మార్కులు మారతాయి. రీవాల్యుయేషన్‌కు డబ్బు కట్టగలిగిన విద్యార్థి తన మార్కులు తెచ్చుకుంటాడు, కట్టలేనివాడు ఊరుకుంటాడు. ఈ అన్యాయాన్ని ఆపడానికి ప్రశ్నలో ఒక్క మాట చేరిస్తే చాలు: ‘తొలగించిన అంకె స్థానంలో ఇన్‌ఆర్డర్ సక్సెసర్‌ను ఉంచండి.’ లేదంటే ప్రశ్నను అలాగే ఉంచి, స్కీమ్‌లో రెండు జవాబులకూ సమాన మార్కులని రాయాలి. ఆరు మార్కుల్లో ట్రీ నిర్మాణానికి రెండు, తొలగించే పద్ధతికి రెండు, ప్రీఆర్డర్‌కు రెండు అని విడదీస్తే, మధ్యలో ఒక అంకె తప్పిన విద్యార్థికి మిగతా శ్రమ దక్కుతుంది.

ఇలాంటి లోపాలకు ఒక పోలిక ఉంది. ప్రశ్న రాసిన మనిషి మనసులో ఉన్న విషయం కాగితం మీదికి రాలేదు. హ్యాషింగ్ లెక్కలో పట్టిక పరిమాణం ఇవ్వకపోవడం, రెండు అంకెలు ఒకే గడిలో పడితే ఏ పద్ధతి వాడాలో చెప్పకపోవడం, క్విక్ సార్ట్‌లో పివట్‌గా ఏ అంకెను తీసుకోవాలో రాయకపోవడం, అన్నీ ఆ కోవకే చెందుతాయి. క్లాసులో ఎప్పుడూ మొదటి అంకెనే పివట్‌గా తీసుకుంటాం కాబట్టి రాయనక్కర్లేదని అధ్యాపకుడికి అనిపిస్తుంది. పక్క సెక్షన్‌లో వేరే అధ్యాపకుడు చివరి అంకె తీసుకుని నేర్పి ఉంటాడు. కాబట్టి స్క్రూటినీ అంటే చదివి సంతకం పెట్టడం కాదు, కీ చూడకుండా లెక్కలన్నీ చేసి, తర్వాతే కీతో పోల్చడం. రెండు జవాబులు వేరైతే ఎవరిది తప్పో వెతికే ముందు ప్రశ్నలో ఏ మాట లోపించిందో చూడాలి.

దీని తర్వాత హెచ్ఓడీ చూపు. హెచ్ఓడీ ప్రతి ప్రశ్నలోకీ దిగాల్సిన పని లేదు, దిగకపోవడమే మంచిది. యూనిట్ల వారీగా 14 మార్కులు వచ్చాయా, కనీస మొత్తం సరిపోయిందా, పార్ట్-ఏలోని ప్రశ్నకు జవాబు పార్ట్-బీ ప్రశ్నలోనే ఉందా, గత రెండు పరీక్షల ప్రశ్నలు యథాతథంగా తిరిగొచ్చాయా అన్నవి చూస్తే చాలు. ఎగ్జామ్ బ్రాంచ్‌లో జరిగే మోడరేషన్ చివరి మెట్టు. అక్కడ కూర్చునే సబ్జెక్టు నిపుణులు అన్ని సెట్లనూ పక్కపక్కన పెట్టి, వాటి కష్టం దాదాపు సమానంగా ఉండేలా సర్దుతారు. వాటిలో ఏది హాల్లోకి వెళ్తుందో పరీక్షల నియంత్రణాధికారి ఎంచుకుంటారు. అది అధ్యాపకుడికీ హెచ్ఓడీకీ తెలియకూడదు.

గోప్యత

పాఠం చెప్పినవారే పేపరు ఇచ్చే పద్ధతిలో పెద్ద చిక్కు ఉంది. చివరి క్లాసులో ‘ఇంపార్టెంట్ క్వశ్చన్స్’ చెప్పమని విద్యార్థులు అడుగుతారు. అధ్యాపకుడు పేపరు ఇచ్చేసిన తర్వాత ఆ మాట అడిగితే ఏం చెప్పినా ఇబ్బందే. సెట్లు ఎక్కువగా ఉండటం, బయటి అధ్యాపకుల సెట్లు కలవడం దీనికి కొంత రక్షణ. ఎవరు ఏ సబ్జెక్టుకు సెట్ ఇస్తున్నారో, స్క్రూటినీ ఎవరు చేస్తున్నారో సర్క్యులర్‌లో రాయకూడదు. గడువులు, నమూనా అందరికీ, పేర్లు మాత్రం విడివిడి సీల్డు కవర్లలో. అధ్యాపకుడి సొంత పిల్లలు, దగ్గరి బంధువుల పిల్లలు ఆ తరగతిలో ఉంటే ఆ పని వద్దని రాతపూర్వకంగా చెప్పే వీలు కూడా ఉండాలి.

ఫైలు ఎక్కడ తయారవుతుందన్నది ఈ రోజుల్లో అన్నిటికంటే పెద్ద ప్రశ్న. విభాగం కంప్యూటర్లలో, ల్యాబ్‌లో, ఉమ్మడి ఈమెయిల్‌లో, వాట్సాప్‌లో ప్రశ్నపత్రం ఉండకూడదు. వాట్సాప్‌లో స్క్రూటినీ చేసేవారికి పంపిన ఫైలు రెండు ఫోన్లలోనూ మిగిలిపోతుంది, ఆ ఫోను ఇంట్లో పిల్లల చేతిలో ఉంటుంది. ఎగ్జామ్ బ్రాంచ్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో మాత్రమే పని చేసి, చిత్తు ప్రతులతో సహా తిరిగి అప్పగించి రసీదు తీసుకోవడం కాస్త ఎక్కువ శ్రమే, కానీ అనుమానం వచ్చిన రోజున అధ్యాపకుణ్ని కాపాడేది ఆ రసీదే. పరీక్షల్లో అక్రమాల నిరోధానికి ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. పేపరు లీకును సంస్థ లోపలి తగాదాగా కాకుండా నేరంగా చూసే చట్టమది.

ఇంత జాగ్రత్త తర్వాత కూడా ఒకోసారి హాల్లో తప్పు బయటపడుతుంది. అప్పుడు ఏం చేయాలో కూడా సర్క్యులర్ చెప్పాలి. పేపరు ఇచ్చినవారు, స్క్రూటినీ చేసినవారు ఆ పూట కళాశాలలోనే ఫోనుకు అందుబాటులో ఉండాలి. సవరణ నియంత్రణాధికారి ద్వారా అన్ని గదులకూ ఒకేసారి వెళ్లాలి. ఒక గదిలో ఇన్విజిలేటర్ తనంతట తాను సరిచేసి చెప్పి, పక్క గదిలో చెప్పకపోతే మొదటి తప్పు కన్నా ఎక్కువ నష్టం జరుగుతుంది. సవరించడం కుదరని ప్రశ్నకు, దాన్ని ప్రయత్నించిన వారందరికీ మార్కులు ఇవ్వడం కళాశాలల్లో ఉన్న ఆనవాయితీ. ఆ ప్రశ్న మీద అరగంట తలపట్టుకుని, మిగతావి పూర్తిచేయలేకపోయిన విద్యార్థికి ఆ అరగంట తిరిగిరాదు.

వచ్చే సెమిస్టర్ సర్క్యులర్ రాయబోయే విభాగాధిపతులు పాత ప్రతిలో తేదీలు మార్చి సంతకం పెట్టే ముందు రెండు వాక్యాలు చేర్చాలి. పేపరుతో పాటే పూర్తి జవాబులు, స్కీమ్ ఇవ్వనిదే దాన్ని అందినట్టు లెక్కించబోమన్నది ఒకటి. ఏ ఎంపిక చేసుకున్నా పైస్థాయి మార్కుల కనీస మొత్తం ఎంత వస్తుందో పేపరు వెనుక లెక్క వేసి చూపాలన్నది రెండోది.